ఉప్పెన ఏటి పిల్ల

సంక్రాంతికి ఊరెళితే పెద్దవాళ్ళు కనపడతారు గానీ మాటకు దొరకరు. వాళ్ళ పిల్లలూ మనవలూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇంటినిండా ఉంటారు. మనం గుమ్మంలో నిలబడి దండం పెడితే "బాగున్నావా అమ్మా, భోంచేసి వెళ్ళు" అనే రెండు మాటలతో సరి. అందుకే పండగ సందడి అంతా సద్దుమణిగాక, మాఘమాసంలో బయల్దేరాను. అమ్మానాన్నా పోయాక మా ఇల్లు అమ్మేశాం. ఆ తర్వాత హైదరాబాదు ఉద్యోగంలో ఏళ్ళు గడిచిపోయాయి. ఈమధ్య ఊరి నుంచి వచ్చే ఫోన్లలో "ఫలానా మామ్మ పోయిందట", "ఫలానా తాత మంచాన పడ్డాడట" అనే మాటలే ఎక్కువయ్యాయి. నన్ను పసిపిల్లగా ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారని తెలిసి ఇక ఆగలేకపోయాను.

మాది దివిసీమ. విజయవాడలో బస్సెక్కితే ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గరికి వస్తాం. కృష్ణ అక్కడ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న నేలే మా సీమ. పాయ మీదుగా పంటకాలువను ఇవతలికి దాటించే పులిగడ్డ అక్విడెక్టు కనపడితే చాలు, బస్సులో మావాళ్ళందరూ సంచులు సర్దుకోవడం మొదలుపెడతారు. అవనిగడ్డలో దిగి, కోడూరు వైపు వెళ్ళే ఆటో ఎక్కాను.

దారికి రెండు పక్కలా మినుము పూతలో ఉంది. మా వైపు వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే, తడి ఆరని మడిలో మినుములు చల్లుతారు. వరి పోయాక నేలలో మిగిలిన చెమ్మతోనూ, శీతాకాలపు మంచుతోనూ ఆ చేను పెరుగుతుంది. నా చిన్నతనంలో ఎటు చూసినా అదే పచ్చదనం. ఇప్పుడు నడుమ నడుమ రొయ్యల చెరువులు వచ్చాయి. ఆక్సిజన్ కోసం తిరిగే చక్రాల చప్పుడు ఆటోలోకి వినిపిస్తోంది.

ఊరి సెంటర్లో దిగగానే టీకొట్టు బల్ల మీద కూర్చున్న ఇద్దరు పెద్దలు నావైపు చూశారు. మా పిన్ని ఫోన్లో ముందే చెప్పింది: "నీ పేరూ నీ ఉద్యోగం చెబితే ఎవరికీ తెలియదే. మీ తాత దగ్గర్నుంచి రా." ఊళ్ళో ఎవరినైనా పోల్చుకోవడానికి ఒక వరుస ఉంది. ముందు ఇల్లున్న చోటు, ఆపైన తాత, ఆ తాత కొడుకుల్లో ఎన్నోవాడి బిడ్డ, ఆఖరున బిడ్డల్లో ఎన్నోది. ఆ వరుసలోనే చెప్పాను.

"ఎవరమ్మా? ఎవరింటికి?"

"చెరువు వీధిలో వేపచెట్టు ఇల్లండీ. పెద్ద వ్యవసాయం తాతగారి మనవరాలిని. రెండో అబ్బాయి కూతుర్ని."

చుట్ట పక్కన పెట్టి ఆయన లేచి నిలబడ్డాడు. "రెండోవాడి కూతురివంటే... చిన్నదానివా? ఉప్పెనకి పాకుతున్నావే, ఆ పిల్లవా?"

నా పుట్టిన తేదీ నాకు తెలుసు. కానీ మా ఊళ్ళో నా వయసుకి గుర్తు ఆ తేదీ కాదు. 1977 నవంబర్ 19, శనివారం. ఆ రోజు బంగాళాఖాతం దివిసీమ మీదికి వచ్చింది. సముద్రపొడ్డున ఉన్న పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కలోనే 10,000 మంది దాకా పోయారు. అంతకంటే చాలా ఎక్కువమందే పోయారని మా వైపు ప్రతి పెద్ద మనిషీ చెబుతాడు. అప్పటి నుంచీ మా ఊళ్ళో కాలం ఉప్పెనకి ముందూ ఉప్పెనకి తర్వాతా అని రెండుగా నడుస్తోంది. పెద్దవాళ్ళలో చాలామంది ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. అది ఎవరో రాసేసిన తేదీ. "ఉప్పెనకి నా పెద్దాడు కడుపులో ఉన్నాడు" అని ఒక ఇల్లాలు చెబితే, ఆ లెక్క మాత్రం నెల కూడా తప్పదు.

ఆ సాయంత్రం పిన్ని, నేనూ కూర్చుని ఎవరి ఇంటికి ఎప్పుడు వెళ్ళాలో అనుకున్నాం. బయటివాళ్ళకు ఇది చిన్న సంగతిగా అనిపించవచ్చు. ఊళ్ళో మాత్రం ఇందులోనే అంతా ఉంటుంది. ఒక వీధిలో ఒక గడపకు వెళ్ళి పక్క గడపను దాటేస్తే, ఆ దాటేసిన సంగతి ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. ఈ మధ్య చావు జరిగిన ఇళ్ళకు ముందు వెళ్ళాలి. పోయినవారి మాట అక్కడ మనమే ఎత్తాలి, ఎత్తకపోతే మరిచిపోయామనుకుంటారు. మంచాన ఉన్నవాళ్ళ దగ్గరికి పొద్దున్నే, స్నానాలయ్యాక వెళ్ళాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఎవరి తలుపూ తట్టకూడదు. ఏం పట్టుకెళ్ళాలన్నది కూడా పిన్నే చెప్పింది. పళ్ళు లేనివాళ్ళకి మెత్తటి అరటిపళ్ళు, షుగరున్నవాళ్ళకి బత్తాయిలు. నేను హైదరాబాదు నుంచి తెచ్చిన బిస్కెట్లు, మిఠాయిలు పిల్లలున్న ఇళ్ళకు.

"ఇంకోటి చెబుతా విను" అంది. "ఎవరి దగ్గరా 'నేనెవరో చెప్పుకో చూద్దాం' అనకు. గుర్తు రాకపోతే వాళ్ళు లోపల నలిగిపోతారు."

మర్నాడు మొదట వెళ్ళిన ఇంట్లోనే ఆ మాట విలువ తెలిసింది. మా నాన్నకు అన్న వరసయ్యే పెదనాన్న వసారాలో మడతకుర్చీలో ఉన్నాడు. వెలుగు ఆయన కళ్ళలో పడకుండా, నా ముఖం మీద పడేలా నిలబడి, నేనెవరో వరుసగా చెప్పి కాళ్ళకు దండం పెట్టాను. "చల్లగా ఉండమ్మా. ఎప్పుడొచ్చావు?" అన్నాడు. చెప్పాను. పొలం సంగతి మాట్లాడి, కాసేపటికి మళ్ళీ "ఎప్పుడొచ్చావు?" అన్నాడు. మళ్ళీ మొదటిసారి చెప్పినట్టే చెప్పాను. ఆయన కోడలు లోపలి నుంచి సైగ చేసింది, ఇక ఇంతేనని. అయినా ఆయన నా చెయ్యి వదల్లేదు. నేనెవరో జారిపోయినా, తన ఇంటి ఆడపిల్ల వచ్చిందన్నది మాత్రం ఆయనకు తెలుస్తోంది. లేచేటప్పుడు "అమ్మాయికి బొట్టు పెట్టండి" అని కోడల్ని కేకేశాడు. బొట్టు పెట్టి, పసుపూ కుంకుమా జాకెట్టు ముక్కా చేతిలో పెట్టింది. పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపిల్ల ఏ వయసులో వచ్చినా ఊరికి ఆడపడుచే. ఉత్త చేతులతో పంపరు.

చెరువుగట్టు మామ్మ ఇల్లు అదే వీధి చివర. తొంభై దాటాయని అందరూ అంటారు. చూపు మందగించింది, కుడి చెవి బాగా వినపడుతుంది. కుడి పక్కన నేల మీద పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని, బుగ్గలు తడిమి, మా మేనత్త పేరు పెట్టి పిలిచింది. మా అత్త పోయి చాలా కాలమైంది. కాదు అనలేదు. "ఆవిడ మేనకోడల్ని మామ్మా" అన్నాను.

"ఓసి నా తల్లీ! బుజ్జివా! అదే పోలిక, అదే గడ్డం."

ఇక ఆమెను ఆపేవాళ్ళు లేరు. నేను పుట్టినప్పుడు మా అమ్మకు పాలు చాలక, నెలరోజుల పాటు ఆమె కోడలు నాకూ పాలిచ్చిందట. ఆ కోడలిని నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఎందుకలా పిలిచేదాన్నో ఎప్పుడూ అడగలేదు. మా పెరట్లో కోళ్ళగంప కింద దూరి నిద్రపోతే ఊరంతా వెతికారట. అన్నంలో మినప్పచ్చడి కలిపితే తప్ప నోరు తెరిచేదాన్ని కాదట. ఇవేవీ మా అమ్మ నాకు చెప్పలేదు. తల్లులకు పిల్లల్ని పెంచే పనిలో ఇవి చెప్పుకోదగ్గ సంగతులుగా కనపడవు కాబోలు. చూసినవాళ్ళకే గుర్తుంటాయి.

"ఉప్పెన రాత్రి నిన్ను పైపంచెతో వీపుకి కట్టుకుని తీసుకొచ్చాడే మీ పాలేరు" అంది మామ్మ. "ముద్దగా తడిసి నీలుక్కుపోయావు. నేనే ఒళ్ళంతా రుద్దాను."

నాకు తెలిసిన కథ వేరు. మా నాన్న చెప్పిన ప్రకారం నన్ను గంగాళంలో కూర్చోబెట్టి నీళ్ళ మీద తోసుకుంటూ డాబా ఇంటికి చేర్చారు. ఆ మాటే అన్నాను. "గంగాళమా? నేను చూసింది చెబుతున్నాను" అని మామ్మ తేల్చేసింది.

ఆ మధ్యాహ్నం పిన్ని ఇంట్లో పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు. ఒక రాత్రి, ఒక పసిపిల్ల, రెండు కథలు. ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను, నాకేమీ గుర్తు లేదు. తెలిసినవాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు.

సాయంత్రం పెద్ద మాస్టారి దగ్గరికి వెళ్ళాను. మా ఎలిమెంటరీ స్కూల్లో నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. మంచం మీదే కూర్చుని, పక్కన రేడియో పెట్టుకుని ఉన్నారు. నా గొంతు వినగానే "ఎడమచేత్తో పలక పట్టేదానివి, కుడిచేతికి మార్చడానికి ఏడాది పట్టింది" అన్నారు. ఉప్పెన సంగతి అడిగితే ఆయనా గంగాళమనే అన్నారు.

"మీరు చూశారా మాస్టారూ, విన్నారా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "విన్నానమ్మా. నేను ఆ రాత్రి బడిలో ఉన్నాను. మా వీధివాళ్ళం అందరం బడి గదిలో బల్లల మీద బల్లలు వేసుకుని ఎక్కాం. మీ సంగతి నాకు మీ నాన్నే చెప్పాడు."

ఆ తర్వాత ఆయన తాను చూసిన ఆ రోజును చెప్పారు. పొద్దుట్నుంచీ ఈదురుగాలి, వాన. మధ్యాహ్నానికి తాటిచెట్లు విరగడం మొదలైంది. ఎప్పటి గాలివానే అనుకుని జనం పశువుల్ని పాకల్లో కట్టేశారు. చీకటి పడే వేళకు సముద్రం వైపు నుంచి ఒక హోరు వినిపించింది. నీళ్ళు కాలువ వెంట కాకుండా పొలాలకు అడ్డంగా వచ్చాయి. నోట్లో పడితే ఉప్పగా ఉన్నాయి. అప్పుడు తెలిసిందట అందరికీ, అది వాన నీరు కాదని. తెల్లవారాక కోతకొచ్చిన వరి కనపడలేదు, పాకలు లేవు, చెట్ల మీద గుడ్డ పీలికలు. బావులన్నీ ఉప్పు కావడంతో పడిపోయిన చెట్ల కొబ్బరికాయలు కొట్టుకుని తాగారు. పైనుంచి విమానాలు పొట్లాలు జారవిడిచేదాకా చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. సముద్రానికి మా ఊరు కాస్త లోపలికి ఉండబట్టి మనుషులం మిగిలామని ఆయన అన్నారు.

లేచేటప్పుడు ఆయనే ఒక దారి చూపించారు. "ఎవరినైనా ఆ రాత్రి ఎక్కడున్నావని ముందు అడుగు. తర్వాత ఏం జరిగిందని అడుగు. యాభై ఏళ్ళు కావొస్తోంది కదా, విన్నది కూడా చూసినట్టే అనిపిస్తుంది. నాకే అనిపించింది చూడు."

మా పాలేరు తాత కాలనీలో ఉంటాడు. ఉప్పెన తర్వాత ఊరికి పడమటగా, కాస్త మెరక మీద కట్టించిన ఇళ్ళు అవి. అప్పటిదాకా వాళ్ళ గుడిసెలు పంటబోదె గట్టు కింద, పల్లంలో ఉండేవి. ఊళ్ళో ఎత్తైన చోట మా ఇళ్ళుంటే, నీళ్ళు ముందుగా చేరే చోట వాళ్ళవి ఉండేవి.

ఆయన ఏడాది జీతానికి మా ఇంట్లో పనిచేసేవాడు. జీతమంటే ధాన్యం బస్తాలు. మేం పిల్లలం ఆయన్ని పేరు పెట్టి, నువ్వు అనే పిలిచేవాళ్ళం. వయసులో మా నాన్న కంటే పెద్దవాడు. ఊళ్ళో కులం వేరైనా అందరికీ వరసలుండేవి. మంగలి బాబాయ్, కుమ్మరి అత్త, గొల్ల మామ. ఆ వరసలు కాలనీ దాకా వెళ్ళేవి కావు. అది ఆ నాటి ఊరి కట్టుబాటు, మాలో ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు.

వెళ్ళేసరికి ఆయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, ఎవరో తెలియకుండానే, మంచం దిగబోయాడు. భుజం పట్టి ఆపి, పక్కనే కూర్చున్నాను.

"తాతా, వేపచెట్టు ఇంటి బుజ్జిని. మీరు లేవకండి."

ముఖంలోకి చాలాసేపు చూశాడు. "బుజ్జమ్మగోరా..." అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. విజయవాడలో ఉద్యోగం చేస్తున్న ఆయన మనవడు లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇక్కడే బాగుంది బాబూ" అన్నాను. అతను నా వైపూ తాత వైపూ చూసి, ఆ కుర్చీలో తాను కూర్చున్నాడు. నాకు అది నచ్చింది.

"గారు ఎందుకు తాతా, బుజ్జీ అని పిలవండి" అన్నాను. "అలవాటు లేదు గదా" అన్నాడు నవ్వుతూ. ఆయన భార్యకు ఆ చిక్కు లేదు. గిన్నె కడుగుతూనే "ఏమే బుజ్జమ్మా, ఇన్నాళ్ళకి దారి కనపడిందా?" అంది. ఆ "ఏమే" నాకు బొట్టు పెట్టి చీర పెట్టినంత.

మాస్టారు చెప్పినట్టే ముందు అడిగాను. "ఆ రాత్రి మీరు ఎక్కడున్నారు తాతా?"

"మీ కొట్టంలో. ఎడ్లని చూసుకోమని మీ తాత కబురు పెడితే వచ్చా. గాలికి కొట్టం పడింది. ఎడ్లకి పలుపులు కోసి వదిలేశా. ఇంట్లోకొచ్చేసరికి మోకాళ్ళదాకా నీళ్ళు. మీ నాయన గంగాళం దించాడు, అందులో నిన్ను కూచోబెట్టాడు. మీ నాయన మీ అమ్మనీ అన్ననీ పట్టుకున్నాడు. నేను గంగాళం పట్టుకున్నా."

"మరి పైపంచె?"

"బోదె మలుపు దాకా గంగాళమే. ఆడ నీళ్ళ వడి ఎక్కువ. గంగాళం గిర్రున తిరగబోయింది. ఇది చేతిలో నిలవదని నిన్ను పైకి తీసి పంచెతో వీపుకి కట్టుకున్నా. గంగాళం పోయింది. డాబా ఎక్కాక మెట్ల గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. మామ్మగారు నిన్ను విప్పి తీసుకున్నారు."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా నాన్న ఇంటి దగ్గర చూసింది చెప్పాడు. మలుపు దగ్గర చీకట్లో ఆయన మా అమ్మనూ అన్ననూ పట్టుకుని వేరే పక్కన ఉన్నాడు, అక్కడ జరిగింది ఆయన చూడలేదు. చెరువుగట్టు మామ్మ మెట్లగదిలో చూసింది చెప్పింది. ఇద్దరిదీ నిజమే. మధ్యలో ఉన్న ముక్క ఒక్క తాత దగ్గరే ఉంది. దానికి రుజువు కూడా నాకు తెలుసు. మా స్నానాల గంగాళానికి ఒక పక్క లోతైన సొట్ట ఉండేది. "ఉప్పెనలో పోయి పొలంలో దొరికింది" అని అమ్మ అంటుంటే, నేను కూర్చున్న గంగాళం పొలంలోకి ఎలా పోయిందని నాకెప్పుడూ తట్టలేదు. నేను అందులో ఉండగా అది పోయుంటే, ఈ మాటలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

ఇదంతా విని అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "ఈయన చెప్పేది అయిపోయిందా? ఇక నేనున్నదెక్కడో అడుగు" అంది.

అడిగాను.

"నేను బోదె గట్టు మీద. ఇద్దరు పిల్లలు. పెద్దదానికి నాలుగేళ్ళు, చంకలోది నీ కంటే నెల చిన్న. గుడిసె లేచిపోయింది. ఈయన వస్తాడు వస్తాడని చూశా. రాలేదు. గట్టు మీద తుమ్మచెట్టుంది. ముళ్ళయితే ముళ్ళని దాన్ని పట్టుకుని, చీర చెంగుతో పిల్లల్ని నాకూ చెట్టుకీ కలిపి కట్టేశా. తెల్లారేదాకా అట్టాగే. చీరంతా నెత్తురు. మా గేదె పోయింది, గింజ పోయింది. తెల్లారి ఈయనొచ్చి చూసేదాకా మేమున్నామో లేమో ఈయనకి తెలీదు."

తాత తల వంచుకుని ఉన్నాడు. మనవడు కూడా ఈ సంగతి ఇంత వివరంగా ఎప్పుడూ వినలేదని అతని ముఖం చెబుతోంది. అవ్వ గొంతులో నిష్ఠూరం లేదు, కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తన ఎడమ మోచేతి దగ్గర మచ్చలు చూపించింది. ముళ్ళు గుచ్చుకుని మానిన మచ్చలు.

నన్ను బతికించిన మనిషి కథ మా ఇంట్లో ఎప్పుడూ ఉంది. పాలేరు విశ్వాసం గురించి మా తాత వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కానీ ఆయన మా ఇంట్లో ఉన్నాడంటే తన ఇంట్లో లేడన్న మాట. ఆ లేకపోవడాన్ని ఎవరు మోశారో ఏ పండగనాడూ మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మేం ఎరగం, ఎందుకంటే ఆవిడను ఎవరూ అడగలేదు. మా పెద్దవాళ్ళు బోదె గట్టు వైపు వెళ్ళి కూర్చునే అలవాటు లేదు.

అవ్వ కాళ్ళకు దండం పెట్టాను. "లే, లే, మాకు ఇట్టాంటివి వద్దు" అని లేవనెత్తి, నా తల నిమిరింది. ఏం చేయగలనని మనవడిని పక్కకు పిలిచి అడిగాను. డబ్బు మాట ఎత్తాలంటే నాకే బెరుకుగా ఉంది. ఆ రాత్రికి వెల కట్టినట్టవుతుందేమోనని. అతను సూటిగా చెప్పాడు. అవ్వకు రెండు కళ్ళకూ శుక్లాలున్నాయి. ఆపరేషన్ ఉచితంగానే చేస్తారు, కానీ తీసుకెళ్ళి, ఉండి, చుక్కల మందు వేళకు వేసే మనిషి లేరు. తనకు సెలవు దొరకదు, అమ్మ కూలికి వెళ్ళాలి. "ఆ వారం నేను ఉంటాను" అన్నాను. ఒక కంటికి ఎండలు ముదరకముందే చేయించాలని, రెండో కంటికి వానాకాలం దాటాక చూడాలని అక్కడే అనుకున్నాం. అవ్వ ఒప్పుకోవడానికి ఒకటే షరతు పెట్టింది: వంట తనే చేస్తానంది, డాక్టరు వద్దన్న రోజులు తప్ప.

చీకటి పడ్డాక పిన్ని ఇంటికి తిరిగొచ్చాను. ఆ రాత్రి ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఒక్కో పేజీకి ఒక్కో మనిషి. పైన ఆ రాత్రి వాళ్ళున్న చోటు. దాని కింద రెండు గళ్ళు: చూసింది, విన్నది. మాస్టారు చెప్పిన బడిగది సంగతులు మొదటి గడిలో, నా గంగాళం రెండో గడిలో. మామ్మ మాటలు ఆమె అన్నట్టే రాశాను, కలిసినచోటా కలవనిచోటా ఏదీ దిద్దలేదు. కలవని చోటే అడగాల్సింది ఇంకా ఉందని తెలుస్తుంది. అలా అడగబట్టే తాత దాకా, తాతను అడగబట్టే అవ్వ దాకా వెళ్ళాను.

మిగిలిన రోజులు అలాగే గడిచాయి. వెళ్ళిన ప్రతి ఇంట్లో నా చిన్నతనం ఒక ముక్క దొరికింది. వాటిలో చాలా వరకు అల్లరి, జ్వరాలు, తిండి. కొన్నిచోట్ల నాకు తెలియని అప్పులూ బయటపడ్డాయి. 1990 మేలో మళ్ళీ పెద్ద తుపాను వచ్చి ఊరు ఖాళీ చేయించినప్పుడు, పిల్లల బడి కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని మోసింది మా కుమ్మరి అత్త. నావి కూడా ఆ సంచిలోనే ఉన్నాయట. ఆ కాగితాలతోనే నేను పై తరగతులకు వెళ్ళాను.

ఉప్పెన నాటికి ఇరవై ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఆ రాత్రి పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తినవాళ్ళు ఎనభైల్లో ఉన్నారు. ఇంకొన్నాళ్ళకు మా ఊళ్ళో ఉప్పెన గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు, కానీ అందరూ విన్నవాళ్ళే అవుతారు. నా పుస్తకంలో ఇంకా పేజీ తెరవని పేర్లు కాలనీలోనూ, చేపలవాళ్ళ పేటలోనూ ఎక్కువగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ మా చెరువు వీధి కథలే ఊరి కథలుగా చెలామణి అయ్యాయి కాబట్టి, ఈసారి అవ్వ కంటి ఆపరేషన్‌కి వచ్చినప్పుడు ఆ పేటల నుంచే మొదలుపెడతాను. మనవడు తోడు వస్తానన్నాడు. వాళ్ళ అవ్వ పేజీ తన చేతి రాతతో తనే రాస్తానని అడిగి మరీ తీసుకున్నాడు.